మామిడి గుజ్జు యూనిట్ ఆడిట్: జాబితాలో లేని మార్చి ఖర్చులను ఎక్కడ వెతకాలి?

ఆర్టికల్_పుత్తూరు:
అందరికీ నమస్కారం. నేను తిరుపతిలోని ఒక ఆడిట్ కార్యాలయంలో ఆర్టికల్‌గా రెండో సంవత్సరంలో ఉన్నాను. చిత్తూరు సమీపంలోని ఒక మామిడి గుజ్జు కంపెనీకి 2026 మార్చి 31తో ముగిసిన సంవత్సరపు ఆడిట్ జరుగుతోంది. అది చిన్న ప్రైవేటు కంపెనీ కాబట్టి పాత అకౌంటింగ్ స్టాండర్డ్సే వర్తిస్తాయి, ఇండ్ ఏఎస్ వర్తించదు. నాకు అప్పగించినవి రెండు ఖాతాలు. ఒకటి, ఇంకా చెల్లించవలసి ఉన్న ఖర్చులు. అది 11,40,000 రూపాయలు. రెండోది ప్రీపెయిడ్ ఖర్చులు.

మొదటి ఖాతాకు అకౌంటెంట్ ఇచ్చిన జాబితాలోని ప్రతి అంశాన్నీ బిల్లుతోనూ, ఏప్రిల్ చెల్లింపుతోనూ సరిచూశాను. అన్నీ సరిపోయాయి. అయితే మా ప్రిన్సిపాల్ గారు నా వర్కింగ్ పేపర్ మీద, "జాబితాలో ఉన్నవి నిజమేనని తేలింది, జాబితాలో లేనివాటి సంగతి ఏమిటి?" అని రాసి వెనక్కి పంపారు. లేనిదాన్ని ఎక్కడినుంచి మొదలుపెట్టి వెతకాలన్నదే నా ప్రశ్న. సీజను మే నుంచి జులై, ఆగస్టు వరకే ఉంటుంది కాబట్టి మార్చిలో ఫ్యాక్టరీ దాదాపు మూతపడి ఉంటుంది, పెద్ద ఖర్చులేవీ ఉండవని మేనేజరు గారు చెబుతున్నారు.

పాత_చిట్టా:
ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నవాడిగా ఒక సులువైన దారి చెబుతాను. ప్రతి ఖర్చు లెడ్జరునూ తెరిచి నెలలు లెక్కపెట్టండి. కరెంటు బిల్లులు పన్నెండు ఉండాలి. అద్దె మూడు నెలలకొకసారి అయితే నాలుగు ఉండాలి. లెక్క సరిపోతే ఆ ఖాతాను వదిలేయవచ్చు. మార్చి బిల్లు ఏప్రిల్‌లో రాసినా, పోయిన సంవత్సరపు మార్చి బిల్లు ఈ సంవత్సరపు ఏప్రిల్‌లో పడి ఉంటుంది కాబట్టి ఒకటి పోతే ఒకటి వస్తుంది. బిల్లే రానిదానికి ప్రొవిజన్ పెట్టడం మొదలుపెడితే దానికి టీడీఎస్ లెక్క కూడా చూడాలి, యజమానికి అదొక తలనొప్పి. చిన్న కంపెనీల్లో ఎవరూ అంత దూరం పోరు.

రేణిగుంట_ఆడిటర్:
ఆర్టికల్ గారు, మీ ప్రిన్సిపాల్ గారి వ్యాఖ్య వెతుకులాట ఏ దిశలో సాగాలన్నదాని గురించి. మీరు పుస్తకంలోని అంకెను పట్టుకుని బయటి కాగితం దగ్గరికి వెళ్లారు. దానివల్ల నిజానికి లేని బాకీని పుస్తకంలో రాశారా అన్నది తేలుతుంది. ఖర్చుల బాకీ విషయంలో భయం సాధారణంగా అది కాదు. లాభం ఎక్కువగా కనిపించాలని, బ్యాంకు లిమిట్ రెన్యువల్‌కు ఇబ్బంది కలగకూడదని కోరుకునే కంపెనీ లేని బాకీని రాసుకోదు, ఉన్న బాకీని వదిలేస్తుంది. కాబట్టి బయటి కాగితం దగ్గర మొదలుపెట్టి పుస్తకం వైపు రావాలి.

మొదటి ఆధారం మార్చి 31 తరువాతి బ్యాంకు స్టేట్‌మెంటు. ఏప్రిల్ 1 నుంచి మీరు పని ముగించే తేదీకి ఎంత దగ్గరగా వీలైతే అంతవరకు, అన్ని బ్యాంకు ఖాతాలవీ తీసుకోండి. ఒక పరిమితి పెట్టుకుని, ఉదాహరణకు 50,000 రూపాయలు దాటిన ప్రతి చెల్లింపునూ ఎంచుకోండి. ఒక్కొక్కదానికి బిల్లు తెప్పించి, పని లేదా సేవ ఏ రోజుల్లో జరిగిందో చూడండి. బిల్లు తేదీ కాదు, చెల్లించిన తేదీ కాదు, సేవ అందిన తేదీ. అది మార్చి 31 లోపు అయితే ఆ మొత్తం మీ 11,40,000 జాబితాలో ఉన్నదో లేదో చూడండి. రెండో ఆధారం, ఏప్రిల్ తరువాత వచ్చి ఇంకా చెల్లించని బిల్లుల ఫైలు. చాలా కార్యాలయాల్లో అది అకౌంటెంట్ బల్ల సొరుగులో ఉంటుంది, లెడ్జరులో ఉండదు. అడగనిదే బయటికి రాదు.

బాకీల ధ్రువీకరణ లేఖలు పంపుతుంటే వాటిని మార్చి 31 నాటి నిల్వను బట్టి ఎంచుకోకండి. సంవత్సరమంతా ఎవరితో ఎక్కువ లావాదేవీలు జరిగాయో వారిని ఎంచుకోండి, నిల్వ సున్నా చూపుతున్నా సరే. రాయని బాకీ ఉండేది సాధారణంగా సున్నా నిల్వ చూపే పేరు దగ్గరే.

పాత చిట్టా గారి పన్నెండు బిల్లుల లెక్కలో సగం న్యాయం ఉంది. దాని సంగతి ఒక ఉదాహరణ దొరికాక మాట్లాడుకుందాం.

అలిపిరి_లాడ్జి:
నాదీ ఇదే సమస్య. మాకు తిరుపతిలో ఒక చిన్న లాడ్జి ఉంది. వేసవి సెలవుల రద్దీ కోసం యాత్రికులు మార్చిలోనే ఏప్రిల్, మే గదులకు అడ్వాన్సు పంపుతారు. వాళ్లు ముందుగా చెల్లించారు కాబట్టి అది నా పుస్తకంలో ప్రీపెయిడ్ కింద వస్తుందా? మా అకౌంటెంట్ దాన్ని మార్చి ఆదాయంలో కలిపేశాడు.

రేణిగుంట_ఆడిటర్:
లాడ్జి గారు, అది ఈ ప్రశ్నకు అవతలి ఒడ్డు. ముందుగా చెల్లించినది యాత్రికుడు కాబట్టి ప్రీపెయిడ్ అతని వైపు. మీరు గది ఇంకా ఇవ్వలేదు కనుక మీ పుస్తకంలో అది బాకీ. మార్చి ఆదాయంలో నుంచి తీసి అడ్వాన్సుల ఖాతాలో పెట్టించండి. మిగతా వివరాలకు వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుంది.

చక్కెర_లెక్కలు:
బ్యాంకు స్టేట్‌మెంటుతో పాటు ఇప్పుడు ఇంకో ఆయుధం ఉంది. జీఎస్టీఆర్-2బీ. మనకు సరుకో సేవో ఇచ్చినవాడు తన రిటర్నులో చూపితే అది మన 2బీలోకి వస్తుంది. మార్చి, ఏప్రిల్, మే 2బీలు దించుకుని, మార్చి 31 లోపు తేదీ ఉన్న ఇన్‌వాయిస్‌లను కొనుగోలు రిజిస్టరుతో పోల్చితే చాలు. మనవాడు దాచినా ఎదుటివాడు దాచడు. నేను ఇదొక్కటే చేస్తాను, ఇంకేమీ అవసరం లేదు.

ఆర్టికల్_పుత్తూరు:
మీ సూచనల ప్రకారం ఏప్రిల్, మే నెలల చెల్లింపులు చూశాను. రెండు విషయాలు బయటపడ్డాయి. దయచేసి చూడండి.

మొదటిది, చెన్నై రేవుకు కంటైనర్లు తరలించి కస్టమ్స్ పనులు చూసే ఏజెంటుకు ఏప్రిల్ 22న చేసిన చెల్లింపు. బిల్లు తేదీ ఏప్రిల్ 9, మొత్తం పన్ను కాకుండా 3,86,400 రూపాయలు. బిల్లు మీద సేవ జరిగిన తేదీ లేదు. దానికి జతచేసిన కాగితంలో మాత్రం మూడు కంటైనర్ల నంబర్లు ఉన్నాయి, ఒక్కొక్కదానికి 1,28,800. గేటు రిజిస్టరులో చూస్తే రెండు కంటైనర్లు మార్చి 16న, 25న బయటికి వెళ్లాయి. మూడోది ఏప్రిల్ 3న వెళ్లింది. మొదటి రెండింటి అమ్మకాలు మార్చిలోనే రాసి ఉన్నాయి.

రెండోది కోల్డ్ స్టోరేజీ అద్దె. జనవరి నుంచి మార్చి వరకు మూడు నెలల బిల్లు 2,40,000. అది ఏప్రిల్ 12న వచ్చింది, మే నెలలో చెల్లించారు. మా జాబితాలో లేదు. అయితే అద్దె లెడ్జరులో నాలుగు పద్దులు ఉన్నాయి కాబట్టి నాకు ముందు అనుమానం రాలేదు. ఇప్పుడు చూస్తే మొదటి పద్దు 1,80,000 నిజానికి 2025 జనవరి నుంచి మార్చి వరకు అద్దె. దాన్ని 2025 ఏప్రిల్‌లో రాశారు.

ఇంకొక మాట. కంటైనర్ ఏజెంటు బిల్లు ఏప్రిల్ 2బీలో కనబడింది, కానీ ఏప్రిల్ తేదీతోనే.

రేణిగుంట_ఆడిటర్:
ఆ చివరి వాక్యమే చక్కెర లెక్కలు గారికి జవాబు. 2బీ మంచి సాధనమే, నేనూ వాడతాను. అయితే అది చూపేది ఇన్‌వాయిస్ తేదీని. మార్చిలో చేసిన సేవకు ఏప్రిల్ తేదీతో బిల్లు ఇస్తే 2బీలో అది ఏప్రిల్ బిల్లుగానే నిలబడుతుంది. పైగా గుజ్జు యూనిట్‌కు వచ్చే ఖర్చుల్లో చాలా భాగం అసలు అందులో రాదు. రైతు దగ్గర కొన్న కాయ రాదు. కరెంటు బిల్లు రాదు. జీఎస్టీ నమోదు లేని లారీ యజమాని కిరాయి, కూలీల మేస్త్రీ బాకీ రావు. 2బీలో ఏదైనా దొరికితే అది గట్టి సాక్ష్యం. దొరకలేదు కాబట్టి బాకీ లేదని మాత్రం అనలేము.

కంటైనర్ల విషయం మీరు చూసిన పద్ధతే సరైనది. బిల్లును మొత్తంగా మార్చికీ వేయకూడదు, ఏప్రిల్‌కూ వేయకూడదు. రెండు కంటైనర్లవి 2,57,600 మార్చి ఖర్చు, మూడోదాని 1,28,800 ఏప్రిల్ ఖర్చు. ఇక్కడ అమ్మకాన్ని కూడా చూడడం చాలా ముఖ్యం. అమ్మకం మార్చిలో రాసి దాని తరలింపు ఖర్చు ఏప్రిల్‌లో రాస్తే మార్చి లాభం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. అందువల్ల మార్చి చివరి రెండు వారాల్లో గేటు దాటిన ప్రతి కంటైనరుకూ తరలింపు ఖర్చు ఏ నెలలో పడిందో చూడండి. ఈ ఏజెంటు ఒక్కడే కాకపోవచ్చు.

ఇప్పుడు పాత చిట్టా గారి మాట. అద్దె ఖాతాలో నాలుగు పద్దులు ఉన్నాయి, లెక్క సరిపోయింది. మరి తప్పు ఎంత? లాభం వైపు చూస్తే ఈ సంవత్సరానికి చెందని 1,80,000 లోపలికి వచ్చింది, చెందిన 2,40,000 బయటికి పోయింది. తేడా 60,000 మాత్రమే. ఇంతవరకు వారి మాట నిజం. బ్యాలెన్స్ షీటు వైపు చూస్తే మార్చి 31న కోల్డ్ స్టోరేజీ వారికి ఇవ్వవలసిన 2,40,000 మొత్తం కనబడదు, అక్కడ ఏదీ ఎదురు పోదు. బిల్లులను లెక్కపెట్టడం కంటే ప్రతి బిల్లు మీద ఉన్న కాలాన్ని రాసుకోవడం మేలు. మొదటి పద్దు ఏ నెల నుంచి, చివరి పద్దు ఏ నెల వరకు అన్నది ఒక వరుసలో పెడితే జారిన బిల్లు వెంటనే బయటపడుతుంది.

పాత_చిట్టా:
అరవై వేల కోసం ఇంత చర్చ అవసరమా అని నా సందేహం. కరెంటు విషయం చూడండి. రీడింగు నెల మధ్యలో తీస్తే చివరి కొన్ని రోజుల వాడకం ఎప్పుడూ తరువాతి బిల్లులోకి పోతుంది. పోయిన మార్చీ మూతే, ఈ మార్చీ మూతే, కనీస చార్జీలే పడతాయి. దానికి కూడా రోజుల లెక్క కట్టి ప్రొవిజన్ పెట్టమంటారా?

రేణిగుంట_ఆడిటర్:
కరెంటుకు నేను కూడా పట్టుబట్టను. రెండు మార్చిలూ ఒకే తీరుగా ఉన్నాయి, మొత్తం చిన్నది. చివరి రీడింగు తరువాతి రోజుల ఖర్చు సుమారు ఎంతో ఒక వాక్యంలో రాసి, పరిమితి కంటే తక్కువ అని వదిలేయవచ్చు. అద్దె అలాంటిది కాదు. అది ఎందుకు పెరిగిందో ఆర్టికల్ గారు అడిగి ఉంటే తెలిసేది. అమ్ముడుపోని డ్రమ్ములు ఎక్కువగా నిలిచాయి కాబట్టి పెరిగి ఉంటుందని నా ఊహ. వచ్చే సంవత్సరం సరుకంతా అమ్ముడుపోతే ఆ త్రైమాసికపు అద్దె పడిపోతుంది, అప్పుడు ఇదే పద్ధతి వల్ల ఈ సంవత్సరపు పెద్ద బిల్లు వచ్చే సంవత్సరపు లాభాన్ని తింటుంది. ఒకటి పోతే ఒకటి వస్తుందన్న సూత్రం రెండు చివరలూ సమానంగా ఉన్నంతకాలమే పనిచేస్తుంది. సీజను మీద నడిచే వ్యాపారంలో అవి సమానంగా ఉండడం అరుదు.

చక్కెర_లెక్కలు:
2బీ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఆ 1,80,000ను ఇప్పుడు ఏమి చేస్తారు? అది గత సంవత్సరపు ఖర్చు. ఏఎస్ 5 ప్రకారం గత కాలపు అంశంగా విడిగా చూపాలి. మీరు 2,40,000 కొత్తగా పెట్టించి, 1,80,000 కూడా ఉంచితే ఈ ఏడు అద్దె ఐదు త్రైమాసికాలకు పడుతుంది.

రేణిగుంట_ఆడిటర్:
అవును, ఐదు త్రైమాసికాలు పడుతుంది. అందుకే అందులో ఒకటి గత కాలానిదని విడిగా కనిపించాలి. మొత్తం చిన్నదైతే చాలామంది విడిగా చూపకుండా వదిలేస్తారు. చూపాలా వద్దా అన్నది ఆ కంపెనీకి పెట్టుకున్న మెటీరియాలిటీని బట్టి ఉంటుంది. అది మనకు తెలియదు కాబట్టి ఇక్కడి నుంచి తీర్పు చెప్పలేను.

ఆర్టికల్_పుత్తూరు:
అద్దె పెరగడానికి కారణం మీరు ఊహించినదే, నిల్వ డ్రమ్ములు ఎక్కువయ్యాయి.

ఇప్పుడు ప్రీపెయిడ్ వైపు వస్తాను. అక్కడ రెండు పెద్ద అంశాలు ఉన్నాయి. బీమా 3,41,000. "సీజను సన్నాహక మరమ్మతులు" అన్న పేరుతో 9,20,000.

బీమా పాలసీ 2025 జులై 1 నుంచి 2026 జూన్ 30 వరకు. ప్రీమియం పన్ను కాకుండా 7,30,000. నేను లెక్క కడితే ఏప్రిల్, మే, జూన్ కలిపి 91 రోజులు, 365 రోజుల్లో ఆ వాటా 1,82,000 వస్తోంది. వారి అంకెకు నా అంకెకు 1,59,000 తేడా ఎందుకో తెలియడం లేదు. మరమ్మతుల విషయంలో మేనేజరు గారి వాదన ఇది: ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేయించిన పని వచ్చే సీజను కోసమే, ఇప్పుడు ఉత్పత్తే లేదు, కనుక ఆ ఖర్చు వచ్చే సంవత్సరానిది.

గుడిపాల_గుజ్జు:
నేను ఇంకొక గుజ్జు యూనిట్‌లో మేనేజరును. ఆ మేనేజరు గారి మాట నూటికి నూరు పాళ్లు సబబు. ఆగస్టులో మిషన్లు ఆపేశాక మళ్లీ మే నెలలోనే తిప్పుతాము. మధ్యలో బాయిలర్ ట్యూబులు మారుస్తాము, పల్పర్ బ్లేడ్లు, జల్లెడలు మారుస్తాము, కన్వేయరు బెల్టులు వేస్తాము. ఇదంతా 2026 కాయ కోసం చేసింది. 2025 కాయకు ఒక్క రూపాయి ఉపయోగం లేదు. ఆదాయం వచ్చే సంవత్సరంలోనే ఖర్చు రాయాలని మీరే చెబుతారు, తీరా మేము అలా రాస్తే కాదంటారు. మార్చిలో పెట్టినందుకు మార్చి ఖర్చైతే, అదే పని ఏప్రిల్ 5న చేయిస్తే ఏప్రిల్ ఖర్చు. ఇందులో న్యాయం ఎక్కడుంది?

చక్కెర_లెక్కలు:
గుడిపాల గారి వైపు కొంత మాట్లాడతాను. నేను పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆడని నెలల మరమ్మతులను మూడు నెలల లెక్కల్లో పక్కనపెట్టి, గానుగ మొదలయ్యాక ఖర్చు రాసేవాళ్లం. ఆడిటర్లు చూసి కూడా ఊరుకున్నారు. సీజను పరిశ్రమలకు ఇది మామూలే.

రేణిగుంట_ఆడిటర్:
మూడు నెలల లెక్కల్లో అలా చేసేవారు, నిజమే. అయితే మధ్యంతర లెక్కల గురించిన ఏఎస్ 25 కూడా, ఏడాది చివర వాయిదా వేయదగిన ఖర్చునే మధ్యలోనూ వాయిదా వేయాలని చెబుతుంది. ఇక్కడ మనం చూస్తున్నది ఏడాది చివరి లెక్క. ఆ ఆచారం ఇక్కడ అక్కరకు రాదు.

గుడిపాల గారు, న్యాయం మాట పక్కనపెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి. మార్చి 31 రాత్రి ఆ మెకానిక్ మీకు ఇంకా ఏమైనా చేయవలసి ఉందా? బీమా కంపెనీ ఇంకా 91 రోజులు రక్షణ ఇవ్వాలి, అందుకే అక్కడ ప్రీపెయిడ్ ఉంది. మెకానిక్ పని ముగించి వెళ్లిపోయాడు. మీరు ముందుగా చెల్లించినదేమీ లేదు, అందుకున్న సేవకే చెల్లించారు. దాని ఫలితం మే నెలలో కనిపిస్తుందన్నది వేరే సంగతి, అలా చూస్తే ఫలితం తరువాత కనిపించే ఖర్చులన్నీ ప్రీపెయిడ్ అయిపోతాయి. ఏప్రిల్ 5న చేయిస్తే ఏప్రిల్ ఖర్చు అన్నది కూడా నిజమే, ఎందుకంటే సేవ అప్పుడు అందింది.

అయినా ఆ 9,20,000ను మొత్తంగా కొట్టేయమని చెప్పను. ఇలాంటి పేరుతో ఉన్న ఖాతాలో తరచుగా రకరకాలవి కలిసి ఉంటాయి. ఆర్టికల్ గారు ప్రతి వోచరునూ తీసి, పని పూర్తయిన చీటీ, గేటు దగ్గర మెకానిక్కుల రాకపోకల పద్దు, స్టోర్సు రిజిస్టరు, ఈ మూడింటితో పోల్చాలి. పని మార్చి 31 లోపు ముగిసిందా, విడిభాగం బిగించారా లేక స్టోరులోనే ఉందా, డబ్బు ఏప్రిల్‌లో జరగబోయే పనికి అడ్వాన్సా అన్నది అప్పుడు తేలుతుంది. బాయిలర్ విషయంలో ఇంకొక మలుపు ఉంది. కొన్నేళ్లకొకసారి చేసే పెద్ద తనిఖీ లేదా ప్రధాన భాగం మార్పిడి అయితే ఏఎస్ 10 కింద దాన్ని ఆస్తిలో కలిపి, ఆ కాలానికి తరుగుదల వేయవచ్చు. ప్రతి ఏడూ చేసే మామూలు మరమ్మతుకు ఆ అవకాశం లేదు.

బీమా తేడాకు, గత సంవత్సరపు ముగింపు ప్రీపెయిడ్ ఎంతో చూడండి. ఇప్పుడున్న అంకెలో అది కరగకుండా మిగిలిపోయి ఉండవచ్చు.

ఆర్టికల్_పుత్తూరు:
బీమా విషయం మీరన్నట్టే ఉంది. 2025 మార్చి 31 నాటి ప్రీపెయిడ్ 1,59,000. అది 2025 జూన్‌తో ముగిసిన పాత పాలసీది. దాన్ని ఖర్చులోకి మార్చలేదు, కొత్త 1,82,000ను దానికే కలిపారు.

మరమ్మతుల వోచర్లు విడదీస్తే ఇలా తేలింది. మార్చి 31 లోపు ముగిసిన పని 4,85,000. అందులో బాయిలర్ ట్యూబులు కొన్ని మార్చినది కూడా ఉంది, ఇది ప్రతి ఏడూ చేసేదేనని స్టోర్సు వారు చెప్పారు, గత రెండేళ్ల వోచర్లు కూడా అదే చూపుతున్నాయి. ఇంకా బిగించని బ్లేడ్లు, బెల్టులు స్టోరులో ఉన్నవి 2,35,000. ఏప్రిల్‌లో జరిగిన వైరింగు పనికి మార్చి 20న ఇచ్చిన అడ్వాన్సు 2,00,000. కాబట్టి 4,85,000ను ఖర్చు చేయమని, 2,35,000ను విడిభాగాల నిల్వలోకి, 2,00,000ను అడ్వాన్సుల్లోకి మార్చమని రాశాను. మేనేజరు గారు మొదటిదాన్ని ఇంకా ఒప్పుకోలేదు.

గుడిపాల_గుజ్జు:
ఆయన ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. బ్యాంకు వాళ్లు చూసేది ఈ ఏడాది లాభాన్ని. 2025 సీజను ధరల దెబ్బ తగిలిన సంవత్సరంలో రెండు సీజన్ల మరమ్మతులు వచ్చి పడ్డట్టు కనిపిస్తుంది.

రేణిగుంట_ఆడిటర్:
రెండు సీజన్లవి పడడం లేదు. 2025 సీజనుకు ముందు చేయించిన మరమ్మతులు 2025 మార్చి లోపు ఖర్చు రాసి ఉంటే, ఈ ఏడు పడేది ఒకటే. అప్పుడు కూడా ప్రీపెయిడ్‌లో పెట్టి ఉంటే మాత్రం మీ మాట నిజమవుతుంది. ఆర్టికల్ గారు గత సంవత్సరపు ప్రీపెయిడ్ జాబితాలో ఈ పేరు ఉన్నదో లేదో చూడండి. లేకపోతే పద్ధతి ఈ ఏడే మారిందన్నమాట. లాభం తగ్గిన ఏడాదిలోనే పద్ధతి మారితే, ఎందుకు మార్చారని మేనేజరు గారిని కాదు, డైరెక్టర్లను అడగాలి.

బంగారుపాళ్యం_రైతుబిడ్డ:
నేను సీఏ చదువుతున్నాను, మాది మామిడి తోటలున్న కుటుంబం. అందరూ లక్షల్లో వెతుకుతున్నారు, అసలు పెద్ద అంశాన్ని ఎవరూ ముట్టలేదు. 2025 సీజనులో తోతాపురి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ప్రకటించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తుంది. చాలామంది రైతులు తమకు ఫ్యాక్టరీల నుంచి 8 రూపాయలు అందలేదని అంటున్నారు. ఈ కంపెనీ కాయను ఏ ధరకు రాసింది? తక్కువకు రాసి ఉంటే ఆ తేడా మార్చి 31 నాటికి రైతులకు బాకీ కాదా? ఇది 2బీలో రాదు, ఏప్రిల్ బ్యాంకు స్టేట్‌మెంటులోనూ రాదు, ఎందుకంటే ఇంకా ఎవరికీ చెల్లించలేదు.

ఆర్టికల్_పుత్తూరు:
తూకం చీటీల ప్రకారం ఆ సీజనులో సుమారు 1,900 టన్నుల తోతాపురి కొన్నారు. పుస్తకంలో కిలో 6 రూపాయల చొప్పున రాసి, అంతే చెల్లించారు. చీటీల మీద బరువు ఉంది, ధర గడి ఖాళీగా ఉంది. కిలోకు 2 రూపాయల తేడా అనుకుంటే 38,00,000 అవుతుంది. ఇది నేను ఇంతవరకు పట్టుకున్నవాటన్నిటికంటే పెద్దది. మేనేజరు గారు మాత్రం రైతులు 6 రూపాయలకు ఒప్పుకుని డబ్బు తీసుకున్నారని, ఇక బాకీ ఏమీ లేదని అంటున్నారు.

పాత_చిట్టా:
డబ్బు తీసుకున్నాక లెక్క ముగిసినట్టే. ప్రకటన వేరు, ఒప్పందం వేరు. ఎవరూ బిల్లు ఇవ్వనిదాన్ని, కోర్టుకు పోనిదాన్ని బాకీగా ఎలా రాస్తారు?

రేణిగుంట_ఆడిటర్:
ఇది పాత చిట్టా గారు అన్నంత సులువుగా ముగిసేది కాదు, రైతుబిడ్డ గారు అనుకున్నంత సూటిగా బాకీ అయిపోయేది కూడా కాదు. బిల్లు రాలేదన్నది ఏ విధంగానూ కొలమానం కాదు. ఏఎస్ 29 అడిగేది, జరిగిపోయిన ఘటన వల్ల ఇప్పుడు తప్పించుకోలేని బాధ్యత ఉందా, డబ్బు బయటికి పోయే అవకాశమే ఎక్కువగా ఉందా, మొత్తాన్ని నమ్మదగినట్టు అంచనా వేయగలమా అని. మూడోదానికి ఇబ్బంది లేదు, తూకం చీటీలు ఉన్నాయి. మొదటి రెండింటికే కాగితాలు కావాలి.

ఆ కాగితాలు ఏమిటంటే, 8 రూపాయలు ఇస్తామని కంపెనీ అధికారులకు రాసిచ్చిన పత్రం ఏదైనా ఉందా, ఆ సీజనులో అధికారుల నుంచి వచ్చిన లేఖలు, నోటీసులు ఏమున్నాయి, చెల్లింపు రసీదుల మీద "పూర్తి మొత్తం ముట్టినది" అని ఉందా లేక "ఖాతాకు" అని ఉందా, ఏప్రిల్ తరువాత ఏ రైతుకైనా ఆ తేడా చెల్లించారా. చివరిది చాలా బలమైన ఆధారం. కొందరికి చెల్లించి ఉంటే, మిగిలినవారికి బాకీ లేదనడం కష్టం. డైరెక్టర్ల మీటింగు మినిట్సు కూడా చదవండి. ఇవన్నీ చూశాక బాధ్యత నిలుస్తుందని తేలితే ప్రొవిజన్, నిలవవచ్చు నిలవకపోవచ్చు అనిపిస్తే నోట్సులో కంటింజెంట్ లయబిలిటీగా వివరణ. బాకీ లేదని యాజమాన్యం ఇచ్చే ప్రాతినిధ్య లేఖ తీసుకోవాలి, కానీ దాని ఒక్కదానితో ఈ ఫైలు మూయకూడదు.

బంగారుపాళ్యం_రైతుబిడ్డ:
రసీదు మీద "పూర్తి మొత్తం" అని ముందే అచ్చువేసి ఉంటే రైతు ఏమి చేస్తాడు? పండిన కాయతో ట్రాక్టరు క్యూలో ఉన్నవాడు సంతకం పెట్టక తప్పదు. దాన్ని ఆడిటరు ఒప్పందమని నమ్మడం నాకు మింగుడుపడదు.

రేణిగుంట_ఆడిటర్:
అచ్చు మాటకు ఎంత బలం ఉంటుందన్నది న్యాయవాది చెప్పాలి. మొత్తం ఇంత పెద్దది కాబట్టి కంపెనీ న్యాయవాది అభిప్రాయం రాతపూర్వకంగా అడగడం సమంజసమే. ఆడిటరుగా నేను రసీదును ఒక ఆధారంగా చూస్తాను, ఏకైక ఆధారంగా చూడను.

చక్కెర_లెక్కలు:
ఒకవేళ ప్రొవిజన్ పెట్టాలని తేలినా 38,00,000 మొత్తం ఖర్చు కాదు కదా? అది కాయ ఖరీదు. ఆ కాయ గుజ్జులో కొంత ఇంకా కోల్డ్ స్టోరేజీలోనూ, గోదాములోనూ ఉంది. దాని వాటా నిల్వ విలువలోకి పోవాలి.

ఆర్టికల్_పుత్తూరు:
ఆ సీజను గుజ్జులో సుమారు 30 శాతం మార్చి 31న నిల్వ ఉంది. ఆ లెక్కన 11,40,000 నిల్వలోకి, 26,60,000 ఖర్చులోకి పోతుందా? విచిత్రంగా, చెల్లించవలసిన ఖర్చుల జాబితా మొత్తం కూడా 11,40,000 కావడం వల్ల నేను రెండుసార్లు తడబడ్డాను.

రేణిగుంట_ఆడిటర్:
లెక్క అదే, కానీ నిల్వలోకి పోయే వాటాకు ఒక అడ్డుగోడ ఉంది. అద్దె పెరిగేంతగా డ్రమ్ములు నిలిచిపోయాయంటే గుజ్జు ధర బాగా లేదని అర్థం. నిల్వను ఖరీదు, నికర అమ్మకపు విలువ, ఈ రెండింటిలో తక్కువదానికే చూపాలి. ఇప్పుడున్న ఖరీదే అమ్మకపు విలువకు దగ్గరగా ఉంటే కొత్తగా కలిపే 11,40,000లో కొంతో, మొత్తమో అక్కడే కరిగి ఖర్చులోకి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అదే గుజ్జును ఏ ధరకు అమ్మారో ఇన్‌వాయిస్‌లు చూసి, రేవు వరకు తరలింపు ఖర్చు తీసివేసి పోల్చండి. ఆ తరలింపు ఖర్చు ఒక్కో కంటైనరుకు ఎంతో మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ఆర్టికల్_పుత్తూరు:
గత సంవత్సరపు ప్రీపెయిడ్ జాబితా చూశాను. "సీజను సన్నాహక మరమ్మతులు" అన్న పేరు అందులో లేదు, ఆ ఏడు మార్చి మరమ్మతులన్నీ ఖర్చులోనే ఉన్నాయి. రైతుల విషయంలో కంపెనీ ఇచ్చిన పత్రం ఒకటి ఉందని స్టోర్సు గుమాస్తా అంటున్నారు, మేనేజరు గారు లేదంటున్నారు. దాని కోసం డైరెక్టర్లకు లేఖ రాయమని మా ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఈలోగా మే తరువాతి బ్యాంకు స్టేట్‌మెంటులో రైతుల పేర్లతో చెల్లింపులు ఏమైనా ఉన్నాయేమో, 50,000 పరిమితి లేకుండా చూస్తున్నాను. ఒక్కో రైతుకు వచ్చే తేడా ఆ పరిమితి కంటే చాలా తక్కువే ఉంటుంది కాబట్టి మొదటి వెతుకులాటలో అవి నా కంటపడే అవకాశం లేదు.